ఎండ కాస్తే పోయే సిగ్నల్

ఆ వారమంతా శైలజకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే మోడెం దగ్గరికి పోయి దాని దీపాలు చూసి రావాలనిపించేది. చంటిబిడ్డ ఊపిరి తీస్తోందో లేదో అని పదేపదే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే తల్లిలా తయారైంది. ఆ మోడెం మాత్రం తనకేమీ పట్టనట్టు పచ్చగా మినుకుమంటూ ఉండేది.

ఆమె పుట్టిల్లు హిందూపురం. తెలుగు ఎంతో కన్నడమూ అంతే వచ్చు. ఆ రెండో నాలుకే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ధర్మవరంలో అత్తగారింట్లో, ముందుగదిలో మగ్గం టకటకలాడుతుంటే, వెనకగదిలో తలుపేసుకుని చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటుంది. బెంగళూరులో ఒక కంపెనీ నడిపే ఆసుపత్రుల హెల్ప్‌లైన్ అది. ఏ ఊరి మనిషో ఫోన్ చేసి నొప్పి ఎక్కడుందో చెబుతాడు, ఈమె ఏ డాక్టరును ఎప్పుడు కలవాలో చెబుతుంది. పని ఆమెకు ప్రాణం. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో తనదంటూ ఏర్పడిన మొదటి వస్తువు ఆ ఉద్యోగమే.

నెల రోజులుగా పొద్దున షిఫ్టులో లైను తెగుతోంది. మాట ముక్కలు ముక్కలవుతుంది, తర్వాత ఆగిపోతుంది. మొన్న గోరంట్ల నుంచి ఒక ముసలాయన గుండె నొప్పని చెబుతూ చెబుతూ ఉండగా తెగింది. ఆయనకు వేరే అమ్మాయి తిరిగి ఫోన్ చేసింది, ఏమీ కాలేదు. కానీ శైలజకు ఆ రోజు అన్నం దిగలేదు. సాయంత్రం పై అధికారి వనిత ఫోన్ చేసి, కోపం లేకుండానే చెప్పింది. శనివారం షిఫ్టు తానే మొదటి నుంచి చివరి దాకా వింటుందట. అందులో లైను తెగితే సోమవారం నుంచి బెంగళూరు ఆఫీసుకు రావాలి, లేదంటే మానుకోవాలి.

బెంగళూరు పోవడమంటే మాటలా? మొగుడు శివకృష్ణ మగ్గం వదలడు. మగ్గాన్ని రైలెక్కించి తీసుకుపోలేరు. పాప ఇక్కడి బడిలో ఉంది. కోపం లేకుండా చెప్పిన మాట కాబట్టే అది శైలజను మరీ తినేసింది. తిట్టి ఉంటే ఒకసారి ఏడ్చి ఊరుకునేది.

కేబుల్ ఆఫీసు నుంచి టెక్నీషియన్ రావడం ఇది మూడోసారి. పేరు జమీర్. పెనుకొండ మనిషి, రోజూ బండి మీద వచ్చి పోతాడు. నెమ్మదస్తుడే గానీ, మూడోసారి అదే ఇంటికి అదే ఫిర్యాదు మీద వచ్చిన మనిషికి ఎంత నెమ్మది ఉంటుంది?

వస్తానని ముందే ఫోన్ చేశాడు. ఇంటికి పరాయి మనిషి వస్తున్నాడనగానే ఆ ఇంట్లో రెండు పనులు జరుగుతాయి. అత్త నరసమ్మ చీపురు పట్టుకుని మేడెక్కి పైనంతా సర్దేసి వస్తుంది. శైలజ మోడెంను స్విచ్చి దగ్గర ఆపి, బట్టతో తుడిచి, మళ్ళీ వేస్తుంది. ఆపి వేస్తే కాసేపు బాగా పనిచేస్తుందని ఆమెకు ఎవరో చెప్పారు. వచ్చిన మనిషికి దుమ్ము పట్టిన మోడెం చూపించడం ఎట్లా అని కూడా ఉంది మనసులో.

జమీర్ కూర్చుని తన ఫోన్‌లో మోడెం పేజీ తెరిచాడు. బ్రౌజరులో నూటతొంభైరెండు, నూటఅరవైఎనిమిది, వంద, ఒకటి అని చుక్కలు పెట్టి కొడితే వచ్చే పేజీ. దాన్ని పైకీ కిందికీ జరిపి చూసి, నిట్టూర్చాడు.

"అక్కా, బంగారం మాదిరి ఉండాది. నేనేం చేయాల చెప్పు."

శైలజ దగ్గర ఆయుధం సిద్ధంగా ఉంది. తన ఫోన్ తీసి స్పీడు టెస్టు బొమ్మలు చూపించింది. ఒకటా రెండా, గ్యాలరీ నిండా అవే. పాప పుట్టినరోజు ఫొటోలు వాటి కింద ఎక్కడో పూడిపోయాయి.

"చూడన్నా. యాభై రావాల్సిన చోట నాలుగు. ఇది మూడు. ఇది అసలు రాలేదు."

జమీర్ వాటిని మర్యాదకు చూశాడు. "ఇవి నాకు పనికిరావక్కా. స్పీడు తగ్గిందని చెప్తాయి గానీ ఎందుకు తగ్గిందో చెప్పవు. వైఫై వల్ల గావచ్చు, గోడ వల్ల గావచ్చు, నీ ఫోను వల్ల గావచ్చు. ఇవి ఆఫీసులో చూపిస్తే వైఫై చూసుకోమంటారు, అంతే." తర్వాత పేజీలో ఒక గడి మీద వేలు పెట్టాడు. "ఈడ సున్నా ఉండాది. బాగు చేసుకోలేక పోగొట్టుకున్న డేటా ముక్కల లెక్క ఇది. ఒక్కటి కూడా లేదు. మోడెం ఆపి వేసినావా?"

"మీరొస్తాండారని ఇప్పుడే ఆపి వేస్తి."

జమీర్ నవ్వాడు. నవ్వులో ఎగతాళి లేదు, అలసట ఉంది. "డాక్టరు దగ్గరికి పోయేముందు జరం మాత్ర మింగిపోయినట్టుండాది కదక్కా. ఆపితే ఈ లెక్క సున్నాకొస్తాది. ఈ రకం మోడెంలో రాసుకున్న తప్పుల చిట్టా కూడా పోతాది. మూడుసార్లూ ఇట్లే చేసినావా?"

శైలజ మోడెం తుడిచిన బట్టను మడతలు పెట్టింది. సిగ్గూ కోపమూ ఒకేసారి వస్తే మాట ఏ వైపు నుంచి రావాలో తెలియదు.

పోయేముందు జమీర్ గుమ్మం దగ్గర నిలబడి ఏ అంకెలు చూసుకోవాలో చెప్పాడు. మగ్గాల వీధిలో ఉన్నవాళ్ళకు అర్థమయ్యేటట్టే చెప్పాడు.

"ఫస్టు డౌన్‌స్ట్రీమ్ పవర్. మా లైను నుంచి నీ ఇంటికి ఎంత బలంగా వస్తాందో అది. సున్నాకు అటో ఇటో ఏడు లోపల ఉంటే బాగుండాదని. రెండోది ఎస్ఎన్ఆర్. మగ్గం ఆడతాంటే నువ్వు మాట్లాడినావనుకో, మగ్గం రొదను దాటి నీ మాట ఎంత పైకి వినిపిస్తాందో అది. ముప్పైమూడు పైన ఉండాల. ముప్పైకి దిగినాదంటే మాట రొదలో కలిసిపోతాది. మూడోది అప్‌స్ట్రీమ్ పవర్. అది నీ మోడెం మా ఆఫీసుకు వినపడేటట్టు ఎంత గట్టిగా అరస్తాందో చెప్తాది. దాంట్లో ఎక్కువ మంచిది కాదు, అది తెలుసుకో. నలభై చిల్లర బాగుంటాది. యాభై దాటినాదంటే అరిచి అరిచి గొంతు పోతాండాదని అర్థం."

"పోగొట్టుకున్న లెక్క?"

"అది మోడెం వేసినప్పటి నుంచీ కూడుకుంటా పోతాది. కాబట్టి ఒక ఫొటో చాలదు. ఒకటి తీసి, కాసేపాగి ఇంకొకటి తియ్యి. పెరగతాందా లేదా చూడాల. కింద లాగ్‌లో టీ-త్రీ అని ఎర్రగా వస్తే దాన్నీ తియ్యి. మోడెం పిలిచినా ఆఫీసు నుంచి జవాబు రాలేదని దాని అర్థం. బాగున్నప్పుడు ఒకటి, చెడినప్పుడు ఒకటి. అక్కా, ఏం చేసినా ఆపొద్దు. లైను చచ్చిపోయినా ఆపొద్దు."

జబ్బు చేసిన దాన్ని జబ్బుతోనే వదిలెయ్యడం శైలజకు ఎంత కష్టమైందో చెప్పలేం. మర్నాడు పొద్దున లైను మొరాయించగానే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. రెండో చేత్తో మొదటి చేతిని వెనక్కు లాక్కుంది. కాల్‌లో ఉన్న ముదిగుబ్బ ఆవిడకు క్షమాపణ చెప్పి, ఇంకొకరికి కలిపి, మోడెంకు తీగతో నేరుగా తగిలించిన ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిచింది.

మొదటిసారి ఆ అంకెలకు ముఖాలు వచ్చాయి. డౌన్‌స్ట్రీమ్ మైనస్ తొమ్మిది. ఎస్ఎన్ఆర్ ఇరవైతొమ్మిది. అప్‌స్ట్రీమ్ యాభైరెండు. నిన్న జమీర్ చూసినప్పుడు ఒకటి, ముప్పైఎనిమిది, నలభైరెండు ఉన్నాయి. ఫొటో తీసింది. కాసేపాగి మళ్ళీ తీసింది. పోయిన ముక్కల లెక్క పెరిగింది, మళ్ళీ పెరిగింది. కింద ఎర్రటి టీ-త్రీలు. భయమూ వేసింది, ఏదో దొంగను పట్టుకున్నట్టు సంతోషమూ వేసింది.

తలుపు తట్టిన చప్పుడు. అత్త తల లోపలికి పెట్టింది. "శైలా, ఆ వెదురు గడ సంగతి..."

శైలజ తల తిప్పకుండానే చెయ్యి ఊపింది. ఆ ఇంట్లో ఆ చెయ్యి ఊపుడుకు ఒకే అర్థం, ఇప్పుడు కాదు అని. నరసమ్మ తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి అంకెలు వాటంతటవే తిరిగి చక్కబడ్డాయి. ఎవరూ ఏమీ చేయలేదు. ఆ తర్వాతి పొద్దున మళ్ళీ చెడ్డాయి. దాని మర్నాడు మబ్బు పట్టి తుంపర పడింది. ఇక అయిపోయాను అనుకుని శైలజ హెడ్‌సెట్ తగిలించుకుంది. షిఫ్టు మొత్తంలో ఒక్క కాల్ కూడా చెడలేదు. అంకెలు కొత్త పెళ్ళికొడుకులా బుద్ధిగా కూర్చున్నాయి. అది చూసి ఆమెకు నెమ్మది కలగాలి గానీ, ఉన్న నెమ్మది కూడా పోయింది. అర్థమయ్యే కష్టం ఒక రకం, అర్థం కాని సుఖం ఇంకో రకం.

ఫొటోలన్నీ జమీర్‌కు పంపింది. ఈసారి అతనే ఫోన్ చేశాడు. గొంతులో విసుగు లేదు.

"అక్కా, ఇప్పుడు మాట్లాడొచ్చు. చూడు, దిగి వచ్చేది ఒకటి నుంచి మైనస్ తొమ్మిదికి పోయినాది, అంటే పది తగ్గినాది. ఎక్కి పోయేది నలభైరెండు నుంచి యాభైరెండు, పది పెరిగినాది. రెండూ ఒకటే తీగ మింద పోతాయి. ఆ తీగలో యాడో పది మింగుతాండాది. రొద కూడా ఆడ నుంచే దూరతాండాది."

"మీ లైనులోనే గావచ్చు కదన్నా?"

"అదీ చూసినా. అదే స్తంభం పెట్టె నుంచి పక్కింటి హనుమక్కకు పోతాండాది. ఆమె మోడెం ఆఫీసు నుంచే చూస్తి, బాగుండాది. కాబట్టి స్తంభానికీ నీ మోడెంకీ నడుమ. నాకు తిక్క లేచేది ఏందంటే, తీగలో నీళ్ళు దూరితే వానకు చెడాల, ఎండకు బాగుండాల. యాడ చూసినా అంతే. మీ ఇంట్లో తిరగబడి ఉండాది. ఎండ ఉండే పొద్దున చెడతాది, వాన పడితే బాగుంటాది. ఎండ పొద్దున మీ ఇంట్లో ఏం చేస్తారక్కా?"

"ఏం చేస్తాం? నేను పనిలో ఉంటా. ఆయన మగ్గం మింద. అత్త..."

అక్కడ ఆగింది శైలజ. అత్త పొద్దున ఏం చేస్తుందో తనకు సరిగా తెలియదు. అదే ఇంట్లో ఉంటూ, అదే గోడ అవతల. అది తట్టగానే ఏదో గుచ్చుకుంది గానీ, శనివారం తరుముకొస్తుంటే ఆ ముల్లును తీసి చూసుకునే తీరిక లేకపోయింది.

"రేపు శుక్రవారం. ఎండ కాస్తే, లైను చెడగానే ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి," అన్నాడు జమీర్. "ధర్మవరంలోనే తిరగతాంటా. నేనొస్తానని మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. చెప్తే మళ్ళీ అంతా సర్దేస్తారు మీరు."

శుక్రవారం ఎండ కాసింది. షిఫ్టుకు సెలవు పెట్టి, శైలజ పేజీ ముందు కూర్చుంది. మైనస్ రెండు. మైనస్ ఐదు. గోళ్ళు కొరికింది. మైనస్ తొమ్మిది రాగానే మిస్డ్ కాల్ ఇచ్చింది. సిగ్నల్ చెడినందుకు సంతోషపడిన మనిషి ఆ ఊళ్ళో ఆ రోజు ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

జమీర్ రాగానే నేరుగా మేడ మెట్లెక్కాడు. వెనకాలే శైలజ. ఆమె మేడెక్కి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

పైన ఎర్రగా ఉంది. అప్పుడే రంగు తొట్టిలోంచి తీసి పిండిన పట్టునూలు చిలపలు, పొడవాటి నూలు కట్టలు, వరసగా వేలాడుతున్నాయి. కుంకుమ రంగు, దాని పక్కన మామిడిపండు రంగు. వాటిని మోస్తున్నది గడ కాదు, తాడు కాదు. స్తంభం నుంచి వచ్చి, మేడ మీదుగా వెనకగదికి దిగే నల్లటి కేబుల్ తీగ. తడి నూలు బరువుకు అది ఊయలలా కిందికి వంగింది. వంగిన చోట, సరిగ్గా నడిమధ్యన, రెండు తీగలను కలిపిన అతుకు. చిలపల నుంచి కారిన నీళ్ళు తీగ వెంబడి జారి ఆ అతుకు దగ్గర చుక్కలు కడుతున్నాయి.

నరసమ్మ తొట్టి దగ్గర నుంచి లేచింది. పరాయి మనిషిని చూసి కొంగు సర్దుకుని, చిలపలు తీయడానికి గబగబా చేతులు చాచింది. "చెప్పుకాళ్ళతో వస్తివేమప్పా, పట్టు ఆరతాంటే. ఉండు, తీసేస్తా."

జమీర్ అక్కడే మెట్టు మీద చెప్పులు విడిచాడు.

శైలజకు అప్పుడు తెలిసింది. ఎవరైనా వస్తున్నారంటే అత్త మేడ ఎందుకు సర్దుతుందో. పట్టు ఉన్న చోటికి చెప్పుకాళ్ళు రాకూడదు. మూడుసార్లూ జమీర్ వచ్చే ముందు ఈ చిలపలు కిందికి దిగిపోయాయి, పైన అత్త జబ్బును మడిచి పెట్టెలో పెట్టింది. కింద తాను లెక్కను సున్నా చేసింది. అత్తాకోడళ్ళు ఏ పనీ ఇంత పొందికగా కలిసి చేసింది లేదు.

"తీయొద్దత్తా," అంది. "అట్లే ఉండనీ."

నరసమ్మ చేతులు గాలిలో ఆగిపోయాయి.

శైలజ కిందికి పరుగెత్తి, ల్యాప్‌టాప్‌కున్న తీగ పీకి వైఫైకి మార్చి తెచ్చి మెట్ల దగ్గర పెట్టుకుంది. జమీర్ రెండు చేతులతో తీగను అతుకుకు అటూ ఇటూ పట్టుకుని, చిలపల బరువుతో సహా పైకి ఎత్తాడు.

"చెప్పక్కా."

పేజీ మళ్ళీ తెరిచింది. "మైనస్ నాలుగు. అప్‌స్ట్రీమ్ నలభైఏడు."

వదిలాడు.

"మైనస్ తొమ్మిది. యాభైరెండు."

ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదు. నరసమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. ఆమెకు అంకెలు తెలియవు గానీ, తప్పు ఎవరిదో తేలే చోట మనుషుల మొహాలు ఎట్లా ఉంటాయో తెలుసు.

"నా వల్లనా?" అంది.

జమీరే ముందు మాట్లాడాడు. "నీ ఒక్కదాని వల్లనే కాదవ్వా. ఈ అతుకు నేనే ఏసినా. అక్కకు వెనకగదిలో మోడెం పెట్టేదానికి ఆ పొద్దు తీగ చాలలా. నడిగాల్లో అతుకు ఎయ్యకూడదు, తెలిసే ఏసినా." విప్పి చూపించాడు. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. బరువు లాగినప్పుడల్లా కనెక్టర్ సందు విచ్చుకునేది, అందులోకి తడీ రొదా కలిసి దూరేవి. నూలు ఆరి తేలికయ్యాక అది మళ్ళీ మూసుకునేది. ఎండ ముదిరితే పట్టు రంగు చెడుతుందని లేత ఎండలోనే ఆరబెట్టి తీసేయడం నరసమ్మ పద్ధతి. అందుకే మధ్యాహ్నాలు బాగుండేవి. వాన రోజు రంగు వేసేదే లేదు.

జమీర్ బండి దగ్గరికి పోయి తీగ చుట్ట తెచ్చాడు. అతుకు లేకుండా స్తంభం నుంచి మోడెం దాకా ఒకే తీగ లాగాడు, గోడ వెంబడి మేకులు కొట్టి. రెండు చివర్లా కొత్త కనెక్టర్లు బిగించాడు. శైలజ అంకెలు చదివింది. రెండు. ముప్పైతొమ్మిది. నలభైఒకటి.

అతను పోయాక మేడ మీద ఇద్దరే మిగిలారు. నరసమ్మ తడి చిలపలన్నీ చేతుల మీద వేసుకుని నిలబడింది. వాటిని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఎర్రటి నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"గాలివానకు గడ ఇరిగిపోయినాదమ్మా," అంది మెల్లగా. "నీకు చెప్దామని వస్తాంటి. నువ్వు ఫోన్లో ఉంటివి. మావాడిని అడిగితే చూస్తాలే అనె. నీళ్ళు కారే పట్టు నేల మింద ఏసుకోలేను కదా. ఈ తీగ గట్టిగా ఉండాదని ఏసినా. నీ పని చెడతాదని తెలిస్తే ఏసుందునా?"

తలుపు తట్టిన చప్పుళ్ళన్నీ శైలజకు గుర్తొచ్చాయి. తాను ఊపిన చెయ్యి గుర్తొచ్చింది. గోరంట్ల ముసలాయన నొప్పి ఎక్కడుందో చెబుతుంటే మధ్యలో తెగిపోయిందని అన్నం మానేసిన మనిషి తాను. గోడ అవతలి మనిషి నెల రోజులు చెబుతుంటే ఒక్క మాట పూర్తిగా విన్నది లేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. చిలపలు సగం తన చేతుల మీదికి తీసుకుంది. పట్టు తడిస్తే ఎంత బరువుంటుందో అప్పుడే తెలిసింది ఆమెకు.

ఆ సాయంత్రమే బజారుకు పోయి వెదురు గడ కొని, రిక్షా బండి మీద అడ్డంగా వేయించుకుని తానే తెచ్చింది. వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది.

శనివారం వనిత మొదటి కాల్ నుంచి వింటూ ఉంది. బయట మంచి ఎండ. శైలజ ఒక కంట అంకెలు చూస్తూనే మాట్లాడింది. పోయిన ముక్కల లెక్క కదల్లేదు. తనకల్లు నుంచి ఒకావిడ, మడకశిర నుంచి కన్నడంలో ఒకాయన, వరసగా. షిఫ్టు సగంలో వనిత సందేశం పంపింది. "లైను బాగుంది. సోమవారం ఇంటి నుంచే." శైలజ దాన్ని రెండుసార్లు చదివింది. ఎదురుచూసినంతగా గెంతులెయ్యాలనిపించలేదు. ఊపిరి మాత్రం పొట్ట దాకా దిగింది.

తలుపు చప్పుడైంది. నరసమ్మ తల లోపలికి పెట్టి, హెడ్‌సెట్ చూసి, అలవాటుగా తనే వెనక్కు తగ్గబోయింది.

శైలజ లైనులో ఉన్న ఆయనను ఒక్క నిమిషం ఉండమని, హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది. వనిత వింటోందని తెలుసు. విననీ అనుకుంది.

"చెప్పత్తా."

నరసమ్మ తడబడింది. ఇంత తొందరగా వంతు వస్తుందని అనుకోలేదు, చెప్పడానికి సిద్ధంగా లేదు.

"ఏం లేదులే. గడ గట్టిగా ఉండాదని చెప్పను వస్తి," అంది.